ఏ ఒక్కటి ఉన్నా: ఆశా కార్డును తెలుగు చేయడం గురించి



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ తల్లి ఉద్యోగ జీవితమంతా ఉపకేంద్రంలో గడిపారు. ఆమె స్మృతిలో మాట్లాడమన్నప్పుడు సాహిత్యానువాదం గురించి చెప్పబుద్ధి కాలేదు. ఆమె చేతి సంచిలో ఉండే కాగితం గురించి చెప్పాలనిపించింది. గర్భిణిలో ఏ లక్షణం కనబడితే అపాయం, కనబడినప్పుడు ఎంతసేపట్లో ఎక్కడికి చేర్చాలి అని రాసి ఆరోగ్య కార్యకర్త చేతికిచ్చే కార్డు అది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆశా వ్యవస్థను తెచ్చినప్పటి నుంచి ఇలాంటి కార్డులు, ఫ్లిప్‌చార్టులు, మాడ్యూళ్ళు మనకు వస్తూనే ఉన్నాయి. చాలామటుకు మూలం ఇంగ్లిషులో తయారవుతుంది. తెలుగు చేయడం ఆఖరున, అచ్చుకు గడువు దగ్గరపడ్డాక జరుగుతుంది.

ఈ పని కష్టమంతా వైద్య పదాల్లో ఉందని చాలామంది అనుకుంటారు. ప్రీ ఎక్లాంప్సియాను తెలుగులో ఏమనాలి అని నన్ను అడుగుతుంటారు. నిఘంటువులో గుర్రపువాతం లాంటి మాట దొరుకుతుంది. కానీ ఆ జబ్బు పేరు కార్డు మీద అక్కర్లేదు. ఆశా చేయాల్సింది రోగ నిర్ధారణ కాదు. ఆమెకు కావలసింది తలనొప్పి, చూపు మసక, ఫిట్స్, బీపీ అనే మాటలు. ఇవి ఆమెకు ముందే తెలుసు. కార్డు చెడేది ఇంకోచోట. మాటకూ మాటకూ మధ్య ఉండే అతుకుల్లో, అంటే ‘లేదా’, ‘ఉంటే’, ‘దాటితే’, ‘చేయాలి’ అనే చోట్ల చెడుతుంది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది దీని గురించే. కార్డు మొత్తం చూడటానికి సమయం చాలదు. బీపీ పెరగడానికి సంబంధించిన ఒక్క గడిని తీసుకుని చివరిదాకా చూద్దాం.

మనకు తరచు కనబడే తెలుగు ఇలా ఉంటుంది: ‘తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం మరియు చేతుల వాపు ఉన్నచో తక్షణమే ఉన్నత ఆరోగ్య కేంద్రమునకు రిఫర్ చేయవలెను.’ ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. మూలంతో పోల్చి చూసినవాళ్ళు సరిపోయిందనే అంటారు. ఇప్పుడు దీన్ని ఒక సాయంత్రం వాడి చూద్దాం.

ఎనిమిదో నెల గర్భిణి ఒకామె అనుకుందాం. పొద్దుటి నుంచి తల పగిలిపోతోందంటుంది. మధ్యాహ్నం నుంచి చూపు మసకబారి, కళ్ళ ముందు మెరుపుల్లా కనబడుతున్నాయంటుంది. ముఖం ఉబ్బలేదు, చేతి గాజులు వదులుగానే ఉన్నాయి. పాదాలు మాత్రం సాయంత్రానికి కాస్త బరువెక్కాయి, అది నెల రోజులుగా ఉన్నదే. ఆశా కార్డు తీసి చదువుతుంది. మూడు లక్షణాలు వరుసగా ఉన్నాయి, చివర ‘ఉన్నచో’ అని ఉంది. మూడింట్లో రెండున్నాయి, మూడోది లేదు. రేపు ఏఎన్ఎమ్ వస్తారు కదా, చూపిద్దాం అంటుంది. ఆమె అజాగ్రత్తగా ఏమీ లేదు. కార్డు చెప్పినట్టే చేసింది.

తెలుగులో కామాలు పెట్టి వరుసగా చెప్పి చివర ‘ఉంటే’ అన్నామంటే అవన్నీ కలిసి ఉంటే అని వినబడుతుంది. ‘ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, రెండు ఫోటోలు ఉంటే రండి’ అంటే ఒక్క ఫోటో పట్టుకుని ఎవరూ బయల్దేరరు. మూలంలో ఉద్దేశం వేరు. ఆ మూడింట్లో ఏ ఒక్కటి కనబడినా పంపాలి. పైగా ఈ జబ్బు విషయంలో వాపు మీద ఆధారపడటం మరీ ప్రమాదం. ఇరవై వారాలు దాటాక బీపీ పెరిగి, మూత్రంలో ప్రోటీన్ పోవడమో, మూత్రపిండాలు, కాలేయం, మెదడు వంటివి దెబ్బతింటున్న గుర్తులు కనబడటమో జరిగితే వైద్యులు ప్రీ ఎక్లాంప్సియా అంటారు. వాపు ఉండి తీరాలన్న నియమం ఇప్పుడు ఆ నిర్వచనంలో లేదు. ఎందుకంటే వాపు మామూలు గర్భిణుల్లోనూ ఉంటుంది, ఫిట్స్ వచ్చినవాళ్ళలో కొందరికి అసలు ఉండదు. అయినా మన ఇళ్ళల్లో ‘ఒళ్ళు నీరు పట్టిందా’ అన్న ప్రశ్నే ముందు వస్తుంది. కార్డు కూడా వాపును మిగతావాటితో గుదిగుచ్చితే, వాపు లేదన్నది ధైర్యం చెప్పే మాటగా మారిపోతుంది.

అందుకని ‘లేదా’ పెడదామంటారు కొందరు. దానితో ఇంకో చిక్కు. బిడ్డ కదలికల గురించిన గడిలో ‘కదలికలు తగ్గడం లేదా ఆగిపోవడం’ అని రాస్తారు. కంటితో చదివేవాళ్ళకు ఇబ్బంది లేదు. దీన్ని గట్టిగా చదివి వినిపించండి. ‘కదలికలు తగ్గడం లేదా?’ అని ప్రశ్నలా చెవిన పడుతుంది. అంటే తగ్గాలి కాబోలు అని అర్థం తిరగబడుతుంది. ఆశా ఈ కార్డును మౌనంగా చదువుకోవడమే కాదు, గర్భిణికీ, ఆమె అత్తగారికీ చదివి వినిపిస్తుంది, ఫోన్‌లో మరో ఆశాకు చెబుతుంది. ‘లేదా’ అనే మాట తెలుగులో రెండు పనులు చేస్తుంది కాబట్టి, క్రియ పక్కన దాన్ని వాడకూడదని నేను గట్టిగా అంటాను.

దీనికి తెలుగు తన దగ్గరే మందు ఉంచుకుంది. ‘తగ్గినా, ఆగినా’ అనే రూపం. ‘వాన వచ్చినా, ఎండ కాసినా గొడుగు తీసుకెళ్తాడు’ అంటే రెండూ ఒకేసారి రావాలని ఎవరూ అనుకోరు. ‘తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, ఫిట్స్ వచ్చినా’ అంటే ఏ ఒక్కటైనా చాలు అని పిల్లలకు కూడా తెలుస్తుంది. చదివినప్పుడూ విన్నప్పుడూ ఒకటే అర్థం.

అయితే ఈ రూపానికీ ఒక షరతుంది. వాక్యం చివర క్రియ వద్దు అనేది కాకూడదు. ‘తలనొప్పి వచ్చినా ఆగవద్దు’ అని రాస్తే, తలనొప్పి ఉన్నా సరే పని మానవద్దు అని అర్థం వస్తుంది. మనం చెప్పదలుచుకున్నదానికి అది సరిగ్గా ఎదురు. కాబట్టి చివర ‘ఫోన్ చేయండి’, ‘తీసుకెళ్ళండి’ అనే క్రియలే ఉండాలి. వాపు విషయం విడిగా, ‘వాపు లేకపోయినా పంపండి’ అని ఒక పూర్తి వాక్యంగా రాయాలి.

అంకెల దగ్గరికి వద్దాం. గర్భిణికి బీపీ 140/90 అయితే ఎక్కువ, 160/110 అయితే అది అత్యవసరం. ఇది ఏఎన్ఎమ్‌లకు కంఠతా వచ్చు. కార్డు మీద మాత్రం ‘బీపీ 140/90 దాటితే’ అని రాస్తారు. సరిగ్గా 140 వస్తే దాటినట్టా కాదా? నిజానికి 140 దగ్గరే లెక్క మొదలవుతుంది. ‘దాటితే’ అన్నప్పుడు ఆ అంకె జారిపోతుంది. రెండో చిక్కు ఇంకా పెద్దది. గీతకు అటూ ఇటూ రెండు అంకెలు ఉంటాయి కాబట్టి రెండూ పెరగాలని చదువుతారు. 130/100 వచ్చినామెకు పై అంకె బాగానే ఉందని వదిలేస్తారు. కింద అంకె ఒక్కటే 90కి చేరినా అది ఎక్కువే. ‘పై అంకె 140 వచ్చినా, కింద అంకె 90 వచ్చినా, అంతకు మించినా’ అని రాస్తే మూడు ముక్కల్లో పని అయిపోతుంది. వాక్యం పొడుగైందని డిజైనర్ గొణుగుతాడు. అతనికి అచ్చం ఈ 130/100 ఉదాహరణే చూపించాలి.

ఇప్పుడు ‘తీవ్రమైన’ అనే మాట. పల్లెలో ఎవరూ ‘నాకు తీవ్రంగా నొప్పి ఉంది’ అనరు. కోస్తాలో తలపోటు అంటారు, తెలంగాణలో తలకాయ నొస్తోంది అంటారు. ఎంత తలపోటు అయితే తీవ్రం? ఆశాకు ఇక్కడ ఒక కొలత కావాలి. అనువాదకుడు తనే కొలత కనిపెట్టి రాయడం మాత్రం కూడదు. ‘రెండు రోజులు తగ్గకపోతే’ అని ఎవరో మంచి మనసుతో చేర్చారనుకోండి, ఆ రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఇది ప్రసూతి వైద్యులను అడిగి రాయించుకోవలసిన మాట. అడిగితే వాళ్ళు చెప్పేది దాదాపు ఇలా ఉంటుంది: ఇదివరకు ఎప్పుడూ లేనంత నొప్పి, మామూలుగా వేసుకునే బిళ్ళ వేసుకున్నా, పడుకున్నా తగ్గని నొప్పి. దాన్నే రాయాలి. అలా రాసినా ఒక జాగ్రత్త అవసరం. బిళ్ళ వేసి చూడమని కార్డు చెబుతున్నట్టు కనబడకూడదు. వేసుకున్నా తగ్గలేదా అని అడగడం వేరు, వేసి చూడండి అనడం వేరు. అందుకే ఈ గడి గురించి వైద్యులతో జరిగిన మాటలు, ఎవరు ఏం ఒప్పుకున్నారు అన్నది రాసి ఉంచుకోవాలి. రేపు రెండో ముద్రణ చేసేవాడు దాన్ని మళ్ళీ ‘తీవ్రమైన తలనొప్పి’కి దించకుండా ఆ కాగితమే కాపాడుతుంది.

ఇదే జబ్బులో వచ్చే ఇంకో లక్షణం కార్డుల్లో తరచు మాయమవుతుంది, లేదంటే ‘పొట్ట పైభాగంలో నొప్పి’ అని ముక్తసరిగా వస్తుంది. గర్భిణికి పొట్ట పైభాగం అంటే ఏది? ఎనిమిదో నెలలో అంతా పొట్టే. ఆ నొప్పి రొమ్ముల కింద, డొక్కల మధ్యన, కుడివైపున వస్తుంది. కాలేయం ఇబ్బంది పడుతున్నందువల్ల వచ్చే నొప్పి అది. గర్భిణి దాన్ని గుండెల్లో మంట అంటుంది, అజీర్తి అనుకుని సోడా తాగుతుంది. కార్డు మీద శరీరంలో ఆ చోటు చెప్పాలి, ‘గుండెల్లో మంట అని చెప్పినా ఒకసారి బీపీ చూపించండి’ అని జోడించవచ్చా అని డాక్టర్‌ను అడగాలి. అలాగే మూర్ఛ. ఈ మాట మనవాళ్ళు ఫిట్స్‌కీ వాడతారు, కళ్ళు తిరిగి పడిపోవడానికీ వాడతారు. కార్డు మీద ‘ఫిట్స్’ అనే ఉండాలి. ‘కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, పళ్ళు గిట్టకరవడం’ అని పక్కన ఉంటే ఇంకా మంచిది. దయ్యం పట్టిందనో, గాలి సోకిందనో చెప్పే ఇంట్లో ఆ వర్ణనే ఆశాకు ఆసరా అవుతుంది.

‘తక్షణమే’ అన్న మాట అన్ని గడుల్లోనూ ఉంటుంది. అన్నిచోట్లా ఉండటం వల్ల అది ఎక్కడా పనిచేయదు. రక్తం పోతున్నా తక్షణమే, రక్తం తక్కువగా ఉన్నా తక్షణమే. అమెరికాకు చెందిన ప్రజారోగ్య పరిశోధకురాలు డెబోరా మేన్ వేసిన అంచనా ఈ రంగంలో పనిచేసేవాళ్ళందరికీ తెలుసు. చికిత్స అందకపోతే లక్షణం మొదలయ్యాక ప్రాణం పోవడానికి సగటున పట్టే సమయం కాన్పు తర్వాత రక్తస్రావానికి రెండు గంటలు, కాన్పుకు ముందు రక్తస్రావానికి పన్నెండు గంటలు, ఫిట్స్‌కు రెండు రోజులు, ఇన్ఫెక్షన్‌కు ఆరు రోజులు. ఇవి సగటులే, ఒక్కో మనిషికి గడియారం కాదు. కానీ తొందరల్లో అంతరాలున్నాయని అవి చెబుతున్నాయి. ఆ అంతరం భాషలో కనబడాలి. ‘ఇప్పుడే, ఇదే గంటలో’ అన్న వరుస ఒకటి, ‘ఇవాళే, చీకటి పడకముందే’ అన్నది ఒకటి, ‘రేపు ఆసుపత్రి తెరవగానే’ అన్నది ఒకటి. ఏ లక్షణం ఏ వరుసలోకి వెళ్తుందో వైద్యులు తేలుస్తారు. ఆ తేల్చినది చెదరకుండా తెలుగులోకి తేవడం మన పని. రంగులతో చెప్పామంటే సరిపోదు. మండలంలో జిరాక్స్ తీసే సరికి ఎరుపూ పసుపూ ఒకే బూడిద రంగులోకి మారిపోతాయి. ప్రతి వరుస మీదా గడువు అక్షరాల్లో ఉండాలి.

తొందర ఎందుకో చెప్పే వాక్యం ఒకటి కార్డు వెనక పెట్టమని కూడా నేను అంటాను. ఫిట్స్ రాకముందే ఆసుపత్రి చేరిన మనిషికి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ అనే ఇంజెక్షన్ ఉంది. 33 దేశాల్లో పది వేల మందికి పైగా స్త్రీలపై జరిగి 2002లో ప్రచురితమైన మాగ్‌పై ట్రయల్, ఆ మందు ఫిట్స్ వచ్చే అవకాశాన్ని సగానికి పైగా తగ్గిస్తుందని తేల్చింది. తలపోటు దశలోనే బయల్దేరదీస్తే ఆ మందు పనికొస్తుంది. ఇదే చోట ఒక హద్దు కూడా ఉంది. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి మోతాదుగా ఒక్కో పిరుదులో ఐదు గ్రాముల చొప్పున పది గ్రాములు ఇవ్వడం శిక్షణ పొందిన ఏఎన్ఎమ్‌కు సంబంధించిన సూచన. మూలంలో ఆశా సూచన, ఏఎన్ఎమ్ సూచన రెండూ ఒకే కాగితం మీద ఉంటే, తెలుగులో రెండు కార్డులు చేయాలి. ఆశా చేతిలోని కాగితం మీద ఆమె చేయకూడని పని ఉండకూడదు.

ఇక ‘రిఫర్ చేయవలెను’. ఎవరు చేయాలి? తెలుగులో ‘చేయాలి’ అన్నప్పుడు కర్త లేకుండానే వాక్యం నిండుగా ఉంటుంది. కరపత్రం రాసేవాళ్ళకు ఇది హాయి. ఇంట్లో ఉన్న నలుగురిలో ఎవరికీ ఇది తన పని అని అనిపించదు. ఆశా ఫోన్ చేస్తుందని అత్తగారూ, భర్త వచ్చాక చేస్తారని ఆశా అనుకుంటారు. పరిశోధకురాలు థడ్డియస్, ఇందాక చెప్పిన మేన్ కలిసి 1994లో మాతృ మరణాల వెనక మూడు ఆలస్యాలుంటాయని రాశారు. వెళ్దామని తేల్చుకోవడంలో ఆలస్యం, చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. కర్త లేని వాక్యం మొదటి ఆలస్యాన్ని పెంచుతుంది. ‘మీరే 108కి ఫోన్ చేయండి. భర్త కోసం, పెద్దల కోసం ఆగకుండా చేయండి. ఎంసీపీ కార్డు వెంట తీసుకెళ్ళండి’ అని ఆశాతో నేరుగా మాట్లాడాలి.

ఎక్కడికి అన్నదీ అంతే. ‘ఉన్నత ఆరోగ్య కేంద్రం’ అనేది ఏ ఊళ్ళోనూ లేదు. బీపీ బాగా పెరిగిన మనిషికి సిజేరియన్ చేయగలిగే డాక్టరు, రక్తం ఉండే చోటు కావాలి. అది దగ్గరలోని పీహెచ్‌సీ కాకపోవచ్చు. పీహెచ్‌సీకి తీసుకెళ్ళి, అక్కడి నుంచి సీహెచ్‌సీకి, అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి అంటే ఒక రాత్రి దారిలోనే గడిచిపోతుంది. రాష్ట్రమంతటికీ ఒకే కార్డు అచ్చవుతుంది కాబట్టి ఆ చోట ఒక గీత వదలాలి: ‘మా ఊరి నుంచి వెళ్ళాల్సిన ఆసుపత్రి, ఫోన్, రాత్రి డ్యూటీ డాక్టర్ ఫోన్.’ ఏఎన్ఎమ్ పక్కన కూర్చుని అది నింపించాలి. ఆ గీత ఖాళీగా ఉన్న కార్డుకు విలువ సగమే.

కార్డు శీర్షిక గురించి కూడా రెండు మాటలు. ‘గర్భిణీ స్త్రీలలో ప్రమాద సూచనలు’ అని ఉంటే కాన్పు కాగానే దాన్ని సంచి అడుగున పెట్టేస్తారు. బీపీ వల్ల ఫిట్స్ కాన్పు అయ్యాక, ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోనే, బాలింతకూ వస్తాయి. కాన్పు తర్వాత మూడు, ఏడు, పద్నాలుగు రోజులకు ఆశా ఇంటికి వెళ్తుంది కాబట్టి ఆ కార్డు అప్పటికీ చేతిలో ఉండాలి. ‘గర్భిణికైనా, బాలింతకైనా’ అన్న మాట శీర్షికలోనే పెట్టాలి.

ఈ అనువాదం సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? తెలుగును తిరిగి ఇంగ్లిషు చేయించి మూలంతో పోల్చడం ఆనవాయితీ. అది ఒక మేరకు మంచిదే, అంకె తారుమారైతే దొరుకుతుంది. కానీ ‘కదలికలు తగ్గడం లేదా ఆగిపోవడం’ తిరిగి ఇంగ్లిషులోకి వెళ్తే అచ్చం మూలంలాగే వస్తుంది. రెండు భాషలూ వచ్చినవాడు మూలం ఎలా ఉండి ఉంటుందో ఊహించి దిద్దేసుకుంటాడు. కామాల వరుస కూడా అలాగే చక్కగా తిరిగొస్తుంది. ఆ పరీక్షలో నెగ్గిన కార్డే మనం మొదట చూసిన సాయంత్రం ఆశాను తప్పుదారి పట్టించింది.

పనికొచ్చే పరీక్ష వేరే ఉంది. ఆశాను ‘అర్థమైందా?’ అని అడగకూడదు. అర్థమైందనే అంటుంది. ఒక మనిషి కథ చెప్పి, కార్డు చేతికిచ్చి, ఇప్పుడు ఏం చేస్తావమ్మా అని అడగాలి. తలనొప్పి ఉండి వాపు లేని మనిషి ఒక కథ. బీపీ 130/100 వచ్చి ఏ బాధా లేని మనిషి ఒక కథ. పాదాల వాపు తప్ప ఇంకేమీ లేక బీపీ 110/70 ఉన్న మనిషి ఒక కథ. ఈ మూడోది తప్పక ఉండాలి. అందరినీ పంపేయమనే కార్డు కూడా మంచిది కాదు. నాలుగుసార్లు ఊరికే తిరిగొచ్చిన ఇల్లు ఐదోసారి కదలదు. కార్డు చూడకుండా జ్ఞాపకం మీద చెబితే అది కార్డుకు పరీక్ష కాదు కాబట్టి, వేలు ఏ వాక్యం మీద పెట్టి ఆ నిర్ణయానికి వచ్చిందో చూడాలి. ఇద్దరు ముగ్గురు ఒకేచోట తడబడితే ఆ వాక్యాన్ని మార్చాలి, ఆశాకు శిక్షణ సరిపోలేదని రాయకూడదు.

ఏజెన్సీలో ఈ పరీక్షకు ఇంకో మెట్టుంది. ఆదిలాబాద్ వైపు గోండి, కొలామీ, భద్రాచలం వైపు కోయ, శ్రీకాకుళం కొండల్లో సవర మాట్లాడే ఇళ్ళల్లో ఆశా తెలుగు కార్డు చదివి తన భాషలో చెబుతుంది. అక్కడ రెండో అనువాదం ఆమె నోట్లో జరుగుతుంది. దాన్నీ విని, ఆ భాష వచ్చిన మరొకరితో ఏం చెప్పిందో అడిగి తెలుసుకోవాలి. సూటిగా, చిన్నగా ఉన్న తెలుగు వాక్యం ఆ ప్రయాణంలో నిలుస్తుంది. ‘ఉన్నచో’, ‘చేయవలెను’ ఉన్న వాక్యం నిలవదు.

ఇవన్నీ చేశాక మన గడిలో లక్షణాల భాగం ఇలా వస్తుంది: ‘గర్భిణికైనా, బాలింతకైనా ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా, కళ్ళ ముందు మెరుపులు కనబడినా, రొమ్ముల కింద డొక్కల దగ్గర నొప్పి వచ్చినా, ముఖం, చేతులు ఉబ్బినా, ఫిట్స్ వచ్చినా, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇప్పుడే మీరే 108కి ఫోన్ చేయండి. వాపు లేకపోయినా చేయండి. ఈ ఆసుపత్రికి తీసుకెళ్ళండి:’ ఆ తర్వాత గీత. మొదటి రూపం కన్నా ఇది పొడుగు. దీన్నీ ఆశాలు చదివి చూసేదాకా నేను ఒప్పుకోను, మీరూ ఒప్పుకోకండి.

జిల్లా కార్యాలయాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఇలాంటి కార్డులు అచ్చు వేయించే అధికారులు ఈ సభలో ఉన్నారు. మీకు నా విన్నపం ఒకటే. ప్రూఫు మీద సంతకం పెట్టే ముందు దాన్ని ఒక మంగళవారం పీహెచ్‌సీ సమావేశానికి పంపండి, ఇందాకటి మూడు కథలు చెప్పించండి, ఆశాలు తడబడిన వాక్యాలు మారాకే అచ్చుకు ఇవ్వండి. కార్డు అడుగున ముద్రించిన నెల, సంవత్సరం, తప్పు కనబడితే చెప్పడానికి ఒక ఫోన్ నంబరు వేయండి, ఆ ఫోన్ ఎత్తే మనిషిని పెట్టండి.